రూపాయి వడ్డీ లెక్కలో దాగిన అసలు

“గానుగ మిషన్ కొనాలంటే బ్యాంకు చుట్టూ తిరగొద్దు. బంధువుల దగ్గర రూపాయి వడ్డీ, బ్యాంకులో పన్నెండు శాతం, రెండూ ఒకటే. పొదుపు సంఘంలో అయితే వడ్డీయే లేదు. బ్యాంకువాళ్లు ఇల్లు తాకట్టు పెట్టమంటారు.”

అనంతపురం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది.

రేటు మట్టుకు నిజమే. తేడా అసలు తీరే పద్ధతిలో ఉంది. తాడిపత్రిలో మా వదిన శెనక్కాయ నూనె తీసే గానుగ కోసం మేనమామ దగ్గర రెండు లక్షలు తీసుకుంది. ఆమె నోటుబుక్కులో నెలనెలా ఒకటే అంకె: 2,000. మూడేళ్లలో 72,000 వడ్డీ కట్టింది, రెండు లక్షల అసలు కదల్లేదు. మధ్యలో కొంత అసలు ఇవ్వబోతే, “చిల్లరగా ఇస్తే ఖర్చయిపోతాయి, ఒకేసారి ఇవ్వమ్మా” అన్నాడాయన. కూతురి పెళ్లి కుదిరాక మొత్తం ఒకేసారి అడిగాడు. అడగడంలో తప్పేముంది, ఆయన డబ్బే కదా!

అదే రెండు లక్షలు బ్యాంకులో 12 శాతానికి 36 కంతులైతే నెలకు దాదాపు 6,643. వడ్డీ మొత్తం 39 వేల చిల్లర, చివరికి అసలూ తీరిపోతుంది. నెలకు 4,600 ఎక్కువ కట్టాలిగా అంటారు. ఆ ఎక్కువంతా అసలులోకే పోతుంది. గానుగ నెలకు అంత మిగల్చకపోతే ఏ అప్పుతోనూ కొనకపోవడమే మేలు. ఒకటి మాత్రం గమనించాలి: ఫైనాన్స్‌వాళ్లు “12 శాతం ఫ్లాట్” అంటే, బాకీ తగ్గుతున్నా మొదటి అసలు మొత్తం మీదే చివరిదాకా వడ్డీ వేస్తారు. మూడేళ్ల అప్పుకైతే అది తగ్గే బాకీ మీద దాదాపు 21 శాతం.

ఇక సంఘం. సున్నా వడ్డీ అంటే వడ్డీ అడగరని కాదు. పథకం అమల్లో ఉన్నంత కాలం, కంతులు గడువులో కడితే, కట్టిన వడ్డీని ప్రభుత్వం తర్వాత జమ చేస్తుంది. ఒక్క నెల జారినా అనుమానమే. పైగా బ్యాంకు ఇచ్చేది సంఘానికి. ఐదు లక్షలు వస్తే, పదిమంది పంచుకుంటే తలకు యాభై వేలు. మిషన్‌కు చాలదు. పక్కవాళ్ల వాటా కూడా తీసుకుంటే, మీ కంతు ఆగిన నెల సంఘం మీటింగులో అందరి ముందూ మీరే జవాబు చెప్పాలి. ఆ యాభై వేలు కోతల కాలంలో కాయ కొనడానికి బాగా పనికొస్తాయి, నూనె అమ్మగానే తిరిగి వచ్చేస్తాయి.

తాకట్టు భయం అక్కర్లేదు. చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే ముద్ర లోనుకు ఇల్లు, పొలం అడగకూడదు, కొన్న మిషన్ మీదే హక్కు రాయించుకుంటారు. కానీ మిషన్ ధరలో కొంత, మార్జిన్ అంటారు, మన చేతి నుంచి పెట్టాలి. మేనమామను అడగాల్సింది దానికి. డీలర్ దగ్గర కొటేషన్ మాత్రం తీసుకోండి, లోను మంజూరు కాకముందే మొత్తం డబ్బు కట్టేయకండి. బ్యాంకు డబ్బు సాధారణంగా నేరుగా డీలర్ ఖాతాకే పోతుంది. కొనేసిన మిషన్‌కు బిల్లు చూపించి లోను అడిగితే చాలాసార్లు వెనక్కి పంపేస్తారు.