పదిహేను సేవ్‌ల తేడా గెలుపు కాదు

సోషల్ మీడియాలో ఊగిపోతున్న కుర్చీ కాలును ఎలా బిగించాలో చూపించే పోస్టు ఒకటి ఉందనుకుందాం. ఫొటోలు అవే, క్యాప్షన్లు మాత్రం రెండు. మొదటిది ‘ఊగే కుర్చీ కాలు బిగించే పద్ధతి’. రెండోది ‘కుర్చీ ఊగుతోందా? మేకు మాత్రం కొట్టకండి’. రెండూ చెరో 2,500 మందికి చేరాయి. మొదటిదాన్ని 50 మంది సేవ్ చేసుకున్నారు, రెండోదాన్ని 65 మంది. అంటే 2.0 శాతం, 2.6 శాతం. ‘రెండో క్యాప్షన్ 30 శాతం మెరుగు’ అని రిపోర్టులో రాసెయ్యడానికి చెయ్యి ఆగదు. లెక్క సరైనదే, దాన్నుంచి తీసిన మాటే తప్పు.

ముందుగా కాకతాళీయం సంగతి చూద్దాం. రీచ్, అంటే పోస్టు చేరిన మనుషుల సంఖ్య, రెండింటికీ ఇంచుమించు సమానంగా ఉండి, సేవ్ చేసినవాళ్ల శాతం చిన్నదైనప్పుడు ఒక చేతిలెక్క పనికొస్తుంది. రెండు సంఖ్యలనూ కలపండి: 115. దాని వర్గమూలం సుమారు 10.7. దాన్ని రెట్టింపు చేస్తే 21 పైచిలుకు. రెండు క్యాప్షన్ల మధ్య తేడా ఇంతకన్నా ఎక్కువ ఉంటేనే దాన్ని పట్టించుకోవాలి. మనకున్న తేడా 15. రెండు క్యాప్షన్ల బలమూ ఒకటే అయినా ఇంత తేడా, లేదా ఇంతకు మించిన తేడా, దాదాపు ఆరింటిలో ఒకసారి ఊరికే వచ్చేస్తుంది. 2.0కీ 2.6కీ మధ్య నిజంగానే తేడా ఉండి, దాన్ని ఐదింట నాలుగుసార్లయినా పట్టుకోవాలంటే ఒక్కో క్యాప్షన్‌కు సుమారు 9,800 మంది కావాలి.

‘అయితే పదివేల మందికి చేరేదాకా ఆగుదాం’ అనిపిస్తుంది. నా ఉద్దేశంలో ఇక్కడే అసలు పొరపాటు జరుగుతోంది. పై లెక్కంతా ఒక ఊహ మీద నిలబడింది. చూసిన ప్రతి మనిషీ ఎవరి నిర్ణయం వాళ్లే తీసుకున్నారని, ఎవరికి ఏ క్యాప్షన్ కనిపించాలో చీటీలు తీసినట్టు పంచారని ఆ ఊహ. మామూలు పోస్టుల్లో ఈ రెండూ ఉండవు. మొదట చూసిన కొద్దిమంది ఎలా స్పందించారన్నదాన్ని బట్టి ఆ తర్వాత ఎవరికి చూపించాలో అల్గారిథమ్ తేల్చుకుంటుంది. ఎక్కువ ఫాలోవర్లున్న ఖాతా ఒకటి షేర్ చేసిందంటే చూసేవాళ్ల గుంపే మారిపోతుంది.

దీని ప్రభావం ఎంతో అంకెల్లోనే చూడొచ్చు. ఫాలోవర్లలో 4 శాతం, బయటివాళ్లలో 1 శాతం సేవ్ చేస్తారని, ఈ విషయంలో క్యాప్షన్‌తో ఏ సంబంధమూ లేదని అనుకోండి. మొదటి పోస్టును చూసిన 2,500 మందిలో ఫాలోవర్లు 830 మంది అయితే వాళ్లనుంచి 33, బయటివాళ్ల నుంచి 17, మొత్తం 50 సేవ్‌లు. రెండో పోస్టును చూసినవాళ్లలో ఫాలోవర్లు 1,330 మంది అయితే 53, 12 కలిపి 65. క్యాప్షన్ వేలు కూడా కదపలేదు. ‘30 శాతం మెరుగు’ మొత్తం ఫాలోవర్ల పాలు పెరగడం వల్లే వచ్చింది. కాబట్టి పోస్టు అంకెలు చూపించే ఇన్‌సైట్స్ పేజీ తెరిచినప్పుడు సేవ్‌ల కన్నా ముందు చూడాల్సింది ఫాలోవర్లెందరు, కానివాళ్లెందరు అన్న విభజన. అది రెండు పోస్టుల్లో బాగా వేరుగా ఉంటే ఆ జతను పోల్చడం అక్కడితో ఆపెయ్యాలి. ఒక చిక్కు మాత్రం మిగులుతుంది. క్యాప్షనే బయటివాళ్లను లాక్కొచ్చి ఉండొచ్చు. ఒక్క జత పోస్టులతో దాన్ని విడదీసి చెప్పడం కుదరదు.

డబ్బు పెట్టి నడిపే యాడ్స్‌లోని ఏ/బీ టెస్టు కొంత నయం. అక్కడ జనాన్ని ముందే రెండు గుంపులుగా విడదీస్తారు, ఒక మనిషికి ఒక వెర్షనే కనిపిస్తుంది. అయినా ఒక్కో గుంపులో ఆ యాడ్‌కు స్పందించే అవకాశం ఉన్నవాళ్లను అల్గారిథమ్ మళ్లీ ఏరుకుంటుంది. దాంతో చివరికి చూసినవాళ్లు రెండు రకాలుగా తేలొచ్చు. ఏ యాడ్‌కు ఎక్కువ స్పందన వచ్చిందో ఆ టెస్టు చెబుతుంది, ఏ మాట మనిషిని కదిలించిందో చెప్పదు.

మొత్తానికి రెండు పోస్టులు పెడితే మన దగ్గర ఉన్నవి 5,000 కొలతలు కావు, రెండే రెండు. లెక్కపెట్టాల్సింది మనుషులను కాదు, పోస్టులను. ఇది ఒప్పుకున్నాక పరీక్ష పద్ధతే మారుతుంది. ఒక వాక్యాన్ని ఇంకో వాక్యంతో కాకుండా, ఒక తీరును ఇంకో తీరుతో పోల్చాలి. ఉదాహరణకు నేరుగా చెప్పే మొదటి వాక్యం, ప్రశ్నతో మొదలయ్యే వాక్యం. దాదాపు ఒకే బరువున్న విషయాలపై 20 పోస్టులు సిద్ధం చేసి 10 జతలుగా పెట్టుకోండి. ప్రతి జతలో ఏ పోస్టుకు ఏ తీరు అన్నది నాణెం ఎగరేసి తేల్చండి. మీరే ఎంచుకుంటే మంచి పోస్టుకు నచ్చిన తీరు తెలియకుండానే వెళ్లిపోతుంది. పెట్టే వేళ ఒకటే ఉండాలి. అంకెలు చూసేది కూడా ప్రతి పోస్టుకూ సరిగ్గా 72 గంటలప్పుడే. అదే పోస్టును క్యాప్షన్ మార్చి అదే ఫాలోవర్ల ముందు మళ్లీ పెట్టొద్దు. రెండోసారి పెట్టింది పాచిపోయిన సరుకు, అది ఓడిపోయినా క్యాప్షన్‌ది తప్పు కాదు.

తేడా ఉండాల్సింది మొదటి వాక్యంలోనే. మిగతాది ‘మరిన్ని’ నొక్కితే తప్ప కనిపించదు, అక్కడ ఎంత మార్చినా చాలామంది కంటికి ఆనదు. అదే చేత్తో హ్యాష్‌ట్యాగులు, కవర్ ఫొటో కూడా మార్చేస్తే, గెలిచింది ఏదో మీకే తెలియకుండా పోతుంది.

ఇప్పుడు ప్రతి జతలో రీచ్‌తో భాగించిన సేవ్‌ల శాతం దేనికి ఎక్కువో చూసి, ఎన్ని జతల్లో ఏ తీరు నెగ్గిందో లెక్కపెడితే చాలు. రెండు తీరులూ సమానమే అయినా ఏదో ఒకటి 10కి 8 లేదా అంతకన్నా ఎక్కువ నెగ్గడం 100లో 11 సార్లు జరుగుతుంది. 9 లేదా 10 నెగ్గడం రెండుసార్లే. అందుకే 9 రావాలి, 8 చాలదు.

సేవ్‌లనే చూస్తామన్న నిర్ణయం ముందే కాగితం మీద ఉండాలి. లేకపోతే సేవ్‌లు తేలనప్పుడు కళ్లు షేర్ల మీదికి, ఆ తర్వాత కామెంట్ల మీదికి జారతాయి, ఎక్కడో ఒకచోట గెలుపు దొరికే తీరుతుంది. కామెంట్లయితే మరీ మోసం. ప్రశ్న అడిగితే జవాబులు వస్తాయి, అంతమాత్రాన పోస్టు నచ్చినట్టు కాదు. మధ్యలో తొంగిచూడటం కూడా ఇలాంటిదే. 100లో 5 సార్లే తప్పాలని పెట్టుకున్న పరీక్షను దారిలో ఐదుసార్లు చూసి, ఎప్పుడు గెలుపు కనిపిస్తే అప్పుడు ఆపేస్తే, తప్పులు 14కు చేరతాయి.

ఎక్కువసార్లు వచ్చే ఫలితం 6–4 లాంటిదే. దాన్ని ‘రెండూ సమానం’ అని చదవకూడదు. ఒక తీరు నిజంగానే పదింట ఏడు జతల్లో నెగ్గే రకమైనా, 10 జతల పరీక్షలో అది 9 మార్కును అందుకునేది 100లో 15 సార్లే. అదే 30 జతలు పెడితే 21 గెలుపులు చాలు, అప్పుడు దాన్ని పట్టుకునే అవకాశం సగం దాటుతుంది. అంటే 60 పోస్టులు. వారానికి మూడు పెట్టేవాళ్లకు 20 వారాల పని.