చేపల పులుసు మీద పెట్టిన కేసు

మా నెల్లూరు గ్రౌండులో వేపచెట్టు కింద ఒక సిమెంటు బెంచీ ఉంది. పొద్దున ఆరున్నరకల్లా దాని మీద నలుగురు పెద్దమనుషులు కొలువుదీరతారు. అందులో డాక్టరు ఒక్కరూ లేరు గనక రోగం తేల్చడం క్షణం ఆలస్యం కాదు. ఛాతీలో మంటా? గ్యాస్. వీపు పట్టేసిందా? గ్యాస్. ఎడమ చెయ్యి లాగుతోందా? గ్యాసే, అటు తిరిగింది. ఈ తీర్పు మీద అప్పీలుకు పై కోర్టు లేదు.

పోయిన నెల నా కేసు బెంచీ మీదికొచ్చింది. నాలుగో రౌండు పరుగెత్తుతుంటే రొమ్ము ఎముక వెనక నుంచి గొంతు దాకా మంట పాకింది. నోట్లోకి పుల్లటి నీళ్లొచ్చాయి.

"రాత్రి ఏం తిన్నావబ్బయ్యా?"

"చేపల పులుసండీ."

"ఇంకేం చెప్పబళ్లేదు" అన్నారు రిటైర్డ్ హెడ్మాస్టరు గారు. మిగతా ముగ్గురూ తలలూపారు.

నన్ను ఏమన్నా పడతాను. మామిడికాయ ముక్కలు వేసి, ఒక రాత్రి నిలవపెట్టిన పులుసును సాక్ష్యం లేకుండా దోషి అంటే నెల్లూరు మనిషిగా ఊరుకోలేను. అందుకని ముద్దాయి తరఫున నేనే వకాల్తా పుచ్చుకున్నాను.

మొదట ఆనాటి టైములు రాసి చూసుకున్నాను. పులుసన్నం తిన్నది రాత్రి పదింటికి, అదీ మూడు వాయిలు. పది నలభైకి మంచమెక్కాను. పొద్దున ఐదింటికి పరగడుపున స్టీలు గ్లాసు నిండా ఫిల్టర్ కాఫీ. ఐదున్నరకు పరుగు. అది చాలదన్నట్టు, చాప మీద పడుకుని ఊపిరి బిగబట్టి ముప్పై సిటప్స్. ఇన్ని పనులు నేను చేసి కేసు మాత్రం చేప మీద పెట్టారు.

అన్నవాహిక కడుపులో కలిసే చోట కండరంతో చేసిన వాల్వు ఒకటి ఉంటుంది. దాన్ని గేటు దగ్గర వాచ్‌మన్ అనుకోండి. కిందికి పోయేవాళ్లను పోనిచ్చి, పైకి వచ్చేవాళ్లను ఆపడం అతని డ్యూటీ. కడుపు ఉబ్బేలా తింటే అతను మాటిమాటికీ గేటు వదిలేస్తుంటాడు. నూనె తేలే కూర అయితే కడుపు ఖాళీ కావడానికి ఎక్కువ సేపు పడుతుంది. కాఫీ కొందరిలో ఆ వాల్వును సడలిస్తుంది, పైగా యాసిడ్‌నూ ఊరిస్తుంది. వాచ్‌మన్‌ను నిద్రపుచ్చి, లోపల జనాన్ని రెచ్చగొట్టడమన్న మాట. తర్వాత పరుగులో కడుపు కుదుపు, సిటప్స్‌లో పొట్ట మీద ఒత్తిడి. టూత్‌పేస్టు ట్యూబును మూత తీసి మధ్యలో నొక్కితే పేస్టు ఎటు పోతుంది?

కారం సంగతి కొంచెం వేరు. మిరప్పొడి వల్ల గేటు దానంతటదే తెరుచుకోదు. యాసిడ్ తగిలి ముందే కందిన చోట కారం పడితే అక్కడ భగ్గుమంటుంది. అందుకే కారం దోశ మీద కారం దోశ లాగించినా చెక్కుచెదరని మనిషి పక్కనే, ఒక్క ముక్కకే గుండె పట్టుకునే మనిషి ఉంటాడు. ఇద్దరూ అబద్ధమాడటం లేదు.

విచారణ మూడు వారాలు నడిపాను. అన్నీ ఒకేసారి మార్చేస్తే దొంగ దొరకడు గనక వారానికి ఒకటే మార్చాను. మొదటి వారం పులుసు అదే, టైము మాత్రం రాత్రి ఏడున్నర, ఒక్క వాయి. పడుకునేసరికి మూడు గంటలు దాటేది. రాత్రిళ్లు గొంతులోకి పులుపు రావడం ఆగింది, పరుగులో మంట సగానికి తగ్గింది. రెండో వారం కాఫీని పరుగు తర్వాతకు జరిపి, ముందు సగం అరటిపండు తిన్నాను. మంట పోయింది. మూడో వారం రుజువు కోసం కాఫీని మళ్లీ ముందుకు తెచ్చాను. మూడో రోజుకే మంట హాజరు. సిటప్స్‌ను మాత్రం విచారణ లేకుండానే మానేశాను. అవంటే నాకు ముందు నుంచీ గిట్టదు.

తీర్పు: పరుగుకు ముందు కాఫీ దోషి. పులుసుకు షరతులతో బెయిలు. మీ ఇంట్లో దోషి వేరే ఎవరైనా కావచ్చు. మా అన్న కొడుకు కేసులో, ఆదివారం ఎనిమిదింటికి నెయ్యి కారం దోశలు నాలుగు తిని తొమ్మిదింటికి జిమ్‌లో బరువులెత్తడమే నేరమని తేలింది. కడుపు నిండా తిన్నాక రెండు మూడు గంటలు ఆగమంటే, "అంతసేపుంటే లంచ్ టైమవుద్ది బాబాయ్" అన్నాడు. అదీ నిజమే.

ఇంతటితో బెంచీ పరువు పోయిందనుకుంటే, అసలు కేసు హెడ్మాస్టరు గారిదే వచ్చింది. పెన్నా వంతెన ఎక్కేటప్పుడు ఆయనకు ఛాతీలో గట్టిగా పట్టినట్టయ్యేది. మంట కాదు, బరువు. నిలబడితే రెండు మూడు నిమిషాల్లో పోయేది. మర్నాడు మళ్లీ అక్కడే. ముందు రాత్రి పెరుగన్నమే తిన్నా అంతే. బెంచీ ఆయనకు గోలీసోడా తాగించింది. తేన్పు వచ్చింది, నొప్పి పోయింది, గ్యాసని ఏకగ్రీవంగా తేలింది.

కోడలు ఒకే ప్రశ్న అడిగింది: "మామయ్యా, తగ్గింది సోడాకా, కూర్చున్నందుకా?"

ఆయన జవాబు చెప్పలేకపోయారు. ఆసుపత్రిలో ఈసీజీ బాగానే ఉందనగానే బెంచీ పండగ చేసుకుంది. నొప్పి లేనప్పుడు పడుకోబెట్టి తీసిన ఈసీజీ బాగున్నంత మాత్రాన గుండె బాగున్నట్టు కాదని డాక్టరు చెప్పి, మిగతా పరీక్షలు చేయించారు. చివరికి స్టెంటు పడింది. నడిస్తే వచ్చి ఆగితే పోయే బరువు గేటు వాచ్‌మన్‌ది కాదు, గుండెది అనుకునే మొదలుపెట్టాలట. కూర్చున్నా తగ్గకపోయినా, చెమటలు, ఆయాసం, దవడలోకో చేతిలోకో లాగడం ఉన్నా 108కి ఫోన్ చెయ్యాలి, సోడా బండికి కాదు. షుగరున్నవాళ్లకు, ఆడవాళ్లకు నొప్పి లేకుండా ఉత్త ఆయాసమే రావచ్చని కూడా ఆయన చెప్పారు. అది విని బెంచీ మొదటిసారి మౌనం పాటించింది.

ఆ మౌనంలోనే నాలుగో సభ్యుడు నోరు విప్పారు. ఏడాదిగా మందుల షాపులో రోజూ గ్యాస్ మాత్ర కొని మింగుతున్నారట. ఈ మధ్య అన్నం ముద్ద రొమ్ములో ఆగి, నీళ్లు తాగితే గానీ దిగడం లేదట. ప్యాంటు కూడా వదులైంది. బెంచీ దాన్ని వాకింగ్ ఫలితమని అభినందించింది.

వారానికి రెండు మూడుసార్లు మంట వారాల తరబడి వస్తున్నా, రోజూ మాత్ర లేకపోతే గడవకపోయినా డాక్టరుకు చూపించాలి. ముద్ద అడ్డుపడటం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తం తగ్గిపోవడం అయితే అసలు ఆగకూడదు. మలం తారులా నల్లగా వచ్చినా, వాంతిలో రక్తం పడినా అప్పటికప్పుడు ఆసుపత్రికి పోవాలి. ఇదంతా చెప్పి, ఆయన్ను నేనే స్కూటరు మీద తీసుకెళ్లాను. బుధవారం పొద్దున ఎండోస్కోపీ. ముందు రోజు రాత్రి భోజనం చేశాక ఇంకేమీ తినకూడదన్నారు.

తిరిగొస్తూ దారిలో ఆయన అడిగింది ఒకటే.

"మంగళవారం మా ఇంట్లో పులుసబ్బయ్యా. బుధవారం మధ్యాహ్నానికి ఉంటుందా?"

"రెండో రోజుకే కదండీ దానికి రుచి" అన్నాను.