నాలుగు పైసల బరకం

"కాలుష్యం నిజంగా అంత చేటు చేస్తుంటే జనమే ఆ సరుకు కొనడం మానేస్తారు. నష్టపోయినవాళ్ళు వెళ్ళి మాట్లాడుకుని పరిహారం తెచ్చుకోవచ్చు. మంచి వ్యాపారి ఎలాగూ నిలబడతాడు. మధ్యలో ఈ పర్యావరణ పన్నులు, జరిమానాలు సర్కారు జేబు నింపుకోడానికే."

వారంలో నాలుగు గ్రూపుల్లో వచ్చింది ఇది. చివరిసారి పంపింది మా బాబాయే. ఆయనుండేది గొల్లపూడిలో, రోజూ హైదరాబాద్ హైవే మీద బూడిద టిప్పర్ల వెనకే బండి నడుపుతాడు, ఒక చేత్తో కళ్ళు నలుపుకుంటూ ఇంకో చేత్తో ఇది ఫార్వర్డ్ చేసుంటాడని నా అనుమానం. అందుకే వేరే ఉదాహరణ వెతక్కుండా ఆ టిప్పర్‌నే పట్టుకుంటాను.

కరెంటు ప్లాంట్లలో మన బొగ్గు కాలిస్తే నూటికి 30 నుంచి 40 పాళ్ళు బూడిదే మిగులుతుంది. దాన్ని ఇటుకల బట్టీ... కాదు, బూడిద ఇటుకని కాల్చరు, ప్రెస్‌లో ఒత్తి నీళ్ళతో క్యూరింగ్ చేస్తారు, కాబట్టి యూనిట్ అందాం. ఆ యూనిట్లకీ సిమెంటు ఫ్యాక్టరీలకీ లారీల్లో తోలతారు. తోలడం మంచిదే, లేకపోతే ప్లాంటు బూడిద చెరువుల్లో పడి ఎండాక గాలికి లేస్తుంది. తేడా అంతా టిప్పర్ మీద బరకం కట్టారా లేదా అన్న దగ్గరే వస్తుంది.

లెక్క కోసం అంకెలు నేను వేస్తున్నా, మీ దగ్గర రేట్లు వేరే ఉంటే మార్చుకోండి, కథ మారదు. టిప్పర్‌కి 20 టన్నులు, టన్నుకి 300 కిరాయి. బరకం పరిచి తాళ్ళు బిగించడానికి 20 నిమిషాలు, దింపేచోట విప్పి మడత పెట్టడానికి 10 నిమిషాలు. ట్రిప్పుకి అరగంట పోతే రోజుకి అయిదు వేసే బండి నాలుగే వేస్తుంది. పోయిన ట్రిప్పు కిరాయి 6,000లో డీజిలూ మిగతా ఖర్చూ తీసేస్తే ఓనర్‌కి చేతికందకుండా పోయింది 2,000 అనుకుందాం. తోలిన 80 టన్నుల మీద పంచితే టన్నుకి 25 రూపాయలు. అంటే బరకం కట్టేవాడు నష్టపోకుండా ఉండాలంటే 325 అడగాలి.

ఇప్పుడు మొదటి మాట, జనం కొనడం మానేస్తారన్నది. పాచిపోయిన ఇడ్లీ పెడితే రేపు ఎవరూ ఆ బండి దగ్గరికి రారు, నిజమే, ఎందుకంటే తిన్నవాడి కడుపే కదా నొప్పెట్టేది. బూడిద ఇటుకతో వచ్చిన చిక్కేంటంటే ఆ ఇటుకలో ఏ లోపమూ లేదు. బరకం కట్టి తెచ్చిన బూడిదతో చేసినా, కట్టకుండా తెచ్చిన బూడిదతో చేసినా అదే గట్టిదనం, అదే రంగు. కొన్నవాడికి నష్టం లేదు, చేసినవాడికి లేదు, తోలినవాడికి లేదు. నష్టం బేరంలో లేని మనిషిది, రోడ్డు పక్కన ఉన్నవాడిది. ఎకనామిక్స్‌లో ఎక్స్‌టర్నాలిటీ అనేది దీన్నే. ధర అనేది కొనేవాడూ అమ్మేవాడూ ఒప్పుకున్న అంకె, మూడోవాడి దగ్గు ఆ బేరంలోకి ఎక్కడ్నుంచీ రాదు.

అలాగని ఖర్చేమన్నా భరించలేనిదా? మూడు కిలోల ఇటుకలో బూడిద సుమారు కిలోన్నర పైచిలుకు. టన్నుకి 25 చొప్పున ఇటుకకి పడేది నాలుగు పైసలు. 20 వేల ఇటుకలతో ఇల్లు కట్టుకుంటే మొత్తం మీద 800 రూపాయలు, గృహప్రవేశంలో పూలదండలకి కూడా చాలవు. ఇంత చిన్న ఖర్చు కూడా ధరలోకి ఎక్కడం లేదంటే కారణం డబ్బు లేకపోవడం కాదు, ఆ నాలుగు పైసలు అడిగే మనిషి బేరంలో లేకపోవడం.

రెండోది, మాట్లాడుకోవడం. దీన్ని తీసిపారేయను, ఎందుకంటే రోనాల్డ్ కోస్ అనే ఎకనామిస్టు 1960లో రాసిన పేపర్‌లో దాదాపు ఇదే ఉంది. హక్కు ఎవరిదో తేలి, బేరానికి ఖర్చు లేకపోతే ఇద్దరూ మాట్లాడుకుని తేల్చుకుంటారని. ఆయన తీసుకున్న ఉదాహరణ పక్క పొలంలో పడి మేసే పశువులు. మనకిది కొత్త కాదు, ఊళ్ళో బందెలదొడ్డి ఉండేది దానికే. చేలో పడ్డ గేదెని తోలుకెళ్ళి కట్టేస్తే సొంతదారు వచ్చి డబ్బు కట్టి విడిపించుకునేవాడు. అది ఎందుకు నడిచింది? గేదె ఎవరిదో ఊరందరికీ తెలుసు, ఎంత మేసిందో చేలో కనిపిస్తుంది, మాట్లాడుకోవాల్సింది ఇద్దరే.

బూడిదకి ఆ మూడూ లేవు. నీ కంట్లో పడ్డ నలుసు ఏ టిప్పర్‌దో చెప్పు బాబాయ్? రోజంతా వందల బండ్లు, రోడ్డు పొడుగునా వేల ఇళ్ళు. ఒక్కో ఇంటికి జరిగే నష్టం రోజుకి రెండు మూడు రూపాయలనుకున్నా, దానికోసం ఎవడు పని మానుకుని ఓనర్ల చుట్టూ తిరుగుతాడు? పోనీ ఒకడు తిరిగి సాధించాడే అనుకో, లాభం వీధిలో అందరికీ వస్తుంది, కాబట్టి అందరూ ఎవడో ఒకడు తిరుగుతాడులే అని కూర్చుంటారు. బేరానికి ఖర్చు లేకపోతే అన్నాడు కదా కోస్, ఆ ఖర్చు లేని చోటు అసలు ఉండదని అదే పేపర్‌లో తనే ఒప్పుకుంటాడు. ఫార్వర్డ్ చేసేవాళ్ళు అక్కడిదాకా చదవరు.

మంచి వ్యాపారి నిలబడతాడన్నది ఇంకా తిరకాసు. 325 అడిగేవాడికి ఇటుకల యూనిట్ వాడు ఫోన్ కూడా ఎత్తడు, 300 వాడు గేటు ముందే ఉన్నాడు కాబట్టి. ఇక్కడ మార్కెట్ బరకం కట్టినవాడినే ముందు బయటికి తోస్తుంది. కరెంటులోనూ ఇంతే. ఏ ప్లాంటు కరెంటు ముందు తీసుకోవాలో యూనిట్ కరెంటుకి అయ్యే బొగ్గులాంటి మారే ఖర్చుని బట్టి, చవకైనది ముందు అని వరస కడతారు. పొగలోంచి గంధకం తీసే యంత్రం పెట్టుకున్న ప్లాంటుకి సున్నపురాయి ఖర్చు, ఆ యంత్రం తాగే కరెంటు ఖర్చు కలిసి వరసలో కిందికి జారుతుంది. గంధకం పొగ తగ్గించాలని 2015లో వచ్చిన నిబంధన గడువు జరుగుతూ జరుగుతూ వచ్చి, 2025 జులైలో ఎక్కువ ప్లాంట్లకి మినహాయింపే ఇచ్చేశారు.

పన్నుల మాటలో మాత్రం కొంత నిజముంది, ఒప్పుకుంటా. శుభ్రమైన ఇంధనం కోసమని బొగ్గు మీద 2010లో టన్నుకి 50 రూపాయల సెస్సు పెట్టి 2016కల్లా 400 చేశారు, మరుసటేడు జీఎస్టీ రాగానే దాన్ని రాష్ట్రాల పరిహారం ఖాతాలో కలిపేశారు. పైగా 2025 సెప్టెంబరులో ఎత్తేసేదాకా పొగ శుభ్రం చేసే ప్లాంటుకీ చెయ్యని ప్లాంటుకీ టన్నుకి అదే సెస్సు పడేది, ఇక యంత్రం పెట్టాలని ఎవరికి పుడుతుంది? 1920లో పిగూ అనే ఎకనామిస్టు చెప్పిన పన్ను ఇలాంటిది కాదు. నష్టం ఎంతో దాని మీద వెయ్యాలి, నష్టం తగ్గిస్తే పన్నూ తగ్గాలి.

జరిమానా కూడా లెక్క తప్పితే ఉత్తిదే. బరకం ఎగ్గొడితే ట్రిప్పుకి మిగిలేది 500. ఇరవై ట్రిప్పుల్లో ఒక్కసారి పట్టుకుని 500 రాస్తే సగటున ట్రిప్పుకి 25 రూపాయలు, ఓనర్ అది నవ్వుతూ కట్టేస్తాడు. అదే తనిఖీతో పని జరగాలంటే జరిమానా పది వేలు దాటాలి. దానికంటే తేలికైంది ఒకటుంది, బూడిద నింపేచోటే బరకం కట్టని బండికి గేట్ పాస్ ఇవ్వకపోవడం. అప్పుడు అందరికీ ఒకేసారి ఆ అరగంట పోతుంది, కిరాయి అందరికీ 325 దగ్గర ఆగుతుంది, నిజాయితీపరుడు ఒక్కడే మునగడు. సర్కారు జేబులోకి పైసా రాదు కూడా, మరి దాన్నేమంటావు బాబాయ్?

బాబాయ్ రోజూ టిఫిన్ చేసే బండి దగ్గర అక్క ఈమధ్య ఇడ్లీపాత్ర పక్కన చట్నీ గిన్నెలకి అద్దాల పెట్టె చేయించింది, ముందున్న మట్టి రోడ్డు మీద పొద్దున్నుంచి మూడుసార్లు నీళ్ళు చల్లుతుంది. ప్లేటు 30 నుంచి 35 చేసింది. ధర పెంచిందని గ్రూపులో మొదట గొడవ చేసింది మా బాబాయే.