మంచి మాస్టారికి మినహాయింపా?

గత ఆదివారం సంచికలో వేసిన కథకు ఇన్ని ఉత్తరాలు వస్తాయని మేము అనుకోలేదు. వచ్చినందుకు సంతోషమే, కానీ చదివాక కలవరం పుట్టింది. ఎక్కువమంది ఒకటే రాశారు: ఆ టీచరమ్మ చూసింది చూడనట్టు ఊరుకోవాల్సిందని. రాసినవాళ్లలో ఉపాధ్యాయులూ తక్కువేం లేరు. ఒక లేఖలోనైతే పలువురు కలిసి సంతకాలు చేసి, ఇలాంటి కథ వేసినందుకు పత్రిక క్షమాపణ చెప్పాలన్నారు.

కథ తెలిసిందే. చిన్న ఊరి బడి. లెక్కల మాస్టారంటే ఊరందరికీ ప్రాణం. సాయంత్రాలు డబ్బు తీసుకోకుండా పాఠం చెబుతాడు, ఫీజు కట్టలేని పిల్లలకు తన జేబులోంచి కడతాడు. పబ్లిక్ పరీక్షల్లో లెక్కల పేపరు రోజు ఒక గదిలోంచి వచ్చిన బిట్ పేపర్లను నంబర్ల వరసలో పేర్చి కట్ట కట్టే పని సైన్స్ టీచరమ్మకు పడుతుంది. ఆ గదిలో చివరి అరగంట డ్యూటీలో ఉన్నది ఆ లెక్కల మాస్టారే. అక్కడ ఆమె కంటబడినదాన్ని పైవాళ్లకు రాయాలా వద్దా అన్నదే కథంతా. ఆమె నిర్ణయం చెప్పకుండానే రచయిత కథ ఆపేశారు. ఆ ఖాళీని పాఠకులు పూరించిన తీరే మమ్మల్ని ఇది రాసేలా చేసింది.

ఆమె చూసిందేమిటో ఉత్తరాలు రాసినవాళ్లు సరిగా చదివినట్టు లేదు. మరోసారి చెప్పుకుందాం. ప్రశ్న మామూలుదే. శంకువు భూవ్యాసం 6, ఎత్తు 7, ఘనపరిమాణం ఎంత? ఇచ్చిన నాలుగు జవాబులు 66, 132, 198, 264. సరైనది 66. మూడో వంతు వేయడం మరిచినవాడికి 198 వస్తుంది. వ్యాసాన్నే వ్యాసార్ధం అనుకున్నవాడికి 264 వస్తుంది. పిల్లలు రెండు తప్పులూ చేస్తారు. పక్క గదిలో అదే జరిగింది, జవాబులు నాలుగింటికీ చెదిరిపోయాయి. ఈ గదిలో మాత్రం 24 మందిలో 21 మంది 264 పెట్టారు. ముందు బెంచీ పిల్లవాడు, వెనక మూల పిల్ల, లెక్కల్లో ఫస్టు వచ్చేవాడు, ఎప్పుడూ పాస్ కానివాడు, అందరిదీ అదే తప్పు.

ఎవరో తెలివైన పిల్లవాడి పేపరు చూసి రాసి ఉండొచ్చు కదా అని ఒకరు అడిగారు. టీచరమ్మకూ మొదట ఆ అనుమానమే వచ్చింది. చూసిరాత అయితే తప్పు పక్క బెంచీకి, దాని వెనక బెంచీకి పాకుతుంది, గదిలో ఒక పక్క గుమికూడి కనిపిస్తుంది. ఇక్కడ నాలుగు మూలలా ఒకేలా ఉంది. పైగా సులువైన బిట్లు తప్పు చేసిన పిల్లలు కష్టమైనవి వరసగా సరిగ్గా చేశారు. ఇవన్నీ పక్కన పెట్టినా, అయిదుగురి పేపర్లలో 66 రాసి, దాన్ని కొట్టేసి, పక్కన 264 రాసి ఉంది.

ఆ అయిదుగురి గురించి ఒక్క ఉత్తరంలోనూ ఒక్క మాట లేదు. వాళ్లు లెక్క సొంతంగా చేశారు, సరిగ్గా చేశారు. గదిలో వినిపించిన జవాబు వేరేగా ఉంటే తమ లెక్కే తప్పనుకున్నారు. తొందరలో వ్యాసాన్ని వ్యాసార్ధంగా చదివింది వాళ్లు కాదు. ఏడాది పొడవునా మాస్టారు నేర్పిన లెక్కను, గదిలో వినిపించిన గొంతును నమ్మి ఆ పిల్లలే కొట్టేశారు. పోయింది ఒక మార్కే అంటారేమో. తన చేతి లెక్కను తానే నమ్మకూడదని ఆ పిల్లలు నేర్చుకున్నారు, అది ఏ మార్కుల జాబితాలోనూ కనిపించదు. మాస్టారు పిల్లలకు మేలు చేశాడని రాసినవాళ్లు ముందు ఈ అయిదుగురికి జవాబు చెప్పాలి.

పేద పిల్లలు, ఒక్క పరీక్షతో బతుకు తేలిపోయే వ్యవస్థ, మాస్టారి మీద ఫలితాల ఒత్తిడి, ఇవన్నీ నిజమే. ఒప్పుకుంటాం. అయితే అవి పరీక్ష పద్ధతిని మార్చమని అడగడానికి కారణాలు. ఈయన ఒక్కడికి మినహాయింపు ఇవ్వడానికి కారణాలు కావు.

మా భయమంతా ఆ మినహాయింపు గురించే. అందరూ అసహ్యించుకునే మాస్టారు ఇదే పని చేసి ఉంటే ఈ ఉత్తరాలు వచ్చేవా? తెల్లారేసరికి సస్పెండ్ చేయమని వచ్చేవి. అంటే మీరు క్షమించమంటున్నది చేసిన పనిని కాదు, చేసిన మనిషిని. మంచివాడని పేరుంటే నియమం పక్కకు తప్పుకోవాలని ఒకసారి ఒప్పుకుంటే, వచ్చే ఏడాది ఆ పేరు ఎవరికుందో తేల్చేదెవరు? హెడ్మాస్టరా, ఊరి పెద్దలా, ఫలితాలు నూటికి నూరు రావాలని కూర్చున్న యాజమాన్యమా? జవాబులు రహస్యంగా అమ్ముకునేవాడు కూడా ఊళ్లో ముందు మంచి పేరే సంపాదిస్తాడు. ఈరోజు ప్రేమతో చెప్పిన జవాబుకు తెరిచిన తలుపులోంచే రేపు డబ్బుకు చెప్పే జవాబు వస్తుంది.

ఇది ఊహ కాదు. అమెరికాలోని అట్లాంటా నగరంలో ఏం జరిగిందో లోకమంతా చూసింది. 2009 పరీక్షల మీద రాష్ట్ర ప్రభుత్వం వేయించిన విచారణ నివేదిక 2011లో బయటికొచ్చింది. పరిశీలించిన 56 బడుల్లో 44 చోట్ల మోసం జరిగిందని, 178 మంది టీచర్లకు, ప్రిన్సిపాళ్లకు అందులో పాత్ర ఉందని తేలింది. జవాబు పత్రాల మీద తప్పును చెరిపి ఒప్పు దిద్దిన గుర్తులు మామూలు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉండటమే వాళ్లను పట్టించింది. అక్కడ కూడా ఆ బడులకు, వాటిని నడిపినవాళ్లకు మంచి పేరే ఉండేది, సన్మానాలు జరిగాయి. అనుమానం వచ్చి నోరు తెరిచిన టీచర్లను భయపెట్టి, వేధించి నోరు మూయించారని అదే నివేదిక రాసింది. చివరికి 2015లో పదకొండు మందికి కోర్టు శిక్ష వేసింది. మొదటి ఏడాదే ఎవరో ఒకరి మాట విని ఉంటే అంత మంది అంత దూరం వెళ్లేవారా?

ఆ టీచరమ్మ ఏం చేయాలో మేము చెబుతాం. కట్ట సీలు పడకముందే ఆమె రాయాలి. ఏ గది, ఏ ప్రశ్న, ఎన్ని పేపర్లలో ఒకే తప్పు, ఎన్నింట కొట్టివేత, ఆ చివరి అరగంట గదిలో ఎవరు డ్యూటీలో ఉన్నారు, అంతే. మాస్టారు జవాబు చెప్పాడని ఆమె రాయకూడదు, ఎందుకంటే ఆమె అది వినలేదు. ఒకే తప్పు జవాబు గదంతా ఉండటం వల్ల బయటి నుంచి ఒక జవాబు గదిలోకి వచ్చిందని తెలుస్తుంది. తెచ్చింది ఎవరో తెలియదు. దాన్ని తేల్చడం విచారణ చేసేవాళ్ల పని. పిల్లల పేపర్లు ఫోన్లో ఫొటో తీసి పదిమందికీ పంపడం, పిల్లల్ని పిలిచి నిలదీయడం ఆమె పని కాదు.

ముందు ఆయనతోనే మాట్లాడాలి కదా అని చాలామంది రాశారు. తోటి టీచరుగా ఆ మర్యాద అర్థం చేసుకోగలం. కానీ పేపర్లు సాయంత్రానికే బయల్దేరతాయి. మాట్లాడి, బతిమాలి, కన్నీళ్లు పెట్టుకుని లేచేసరికి కట్ట సీలు పడి ఉంటుంది. ఆ తర్వాత ఆమె చేతిలో మిగిలేది ఒక గుసగుస, అంతే.

రాసింది హెడ్మాస్టరుకు ఇచ్చి ఊరుకుంటే సరిపోదు, ఎందుకో కథలోనే ఉంది. సబ్జెక్టు టీచరును ఆ సబ్జెక్టు పరీక్ష రోజు గదిలో ఉంచకూడదన్నది పరీక్ష డ్యూటీల్లో మొదటి జాగ్రత్త. డ్యూటీలో ఉన్నాయనకు ఒంట్లో బాగోలేదని చివరి అరగంటకు లెక్కల మాస్టారినే పంపింది ఆ హెడ్మాస్టరు. అరగంటే కదా అనుకున్నాడు, పైగా మన మాస్టారే కదా అనుకున్నాడు. మినహాయింపు అక్కడే మొదలైంది! అందుకే ఆమె ఒక కాపీ పైఅధికారికి పంపి, అందినట్టు సంతకం తీసుకోవాలి.

పిల్లల సంగతేమిటన్న ప్రశ్న న్యాయమైనది. జవాబులు విన్నందుకు 24 మందినీ ఫెయిల్ చేయడం దుర్మార్గం. షికాగో బడుల్లో 2002లో దీనికి ఒక దారి చూపించారు. బ్రయన్ జేకబ్, స్టీవెన్ లెవిట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు జవాబు పత్రాల్లో ఒకేలా ఉన్న వరసలను, ఒక్క ఏడాదిలో ఎగిరి మరుసటి ఏడాది కూలిన మార్కులను కలిపి చూసి అనుమానం ఉన్న తరగతులను గుర్తించారు. ఆ తరగతులకు, నిజంగా బాగా చదివిన మరికొన్ని తరగతులకు, వేరే మనుషుల పర్యవేక్షణలో మళ్లీ పరీక్ష పెట్టారు. మోసం జరిగిందనుకున్నచోట మార్కులు పడిపోయాయి, నిజంగా నేర్పినచోట అలాగే నిలిచాయి. మన కథలోని మాస్టారు నిజంగా అంత బాగా చెప్పేవాడైతే మళ్లీ పరీక్ష పెడితే ఆయన పిల్లలకు భయమేముంది? 66 రాసి కొట్టేసిన ఆ అయిదుగురికి అది ఒక అవకాశం కూడా.

ఇక సంతకాల లేఖ సంగతి. క్షమాపణ చెప్పం. ఆ లేఖ రాసిన మాస్టార్లను ఒకటి అడుగుతున్నాం. జేబులో చిట్టీ దొరికిన పిల్లవాణ్ణి మీరు గదిలోంచి లేపి, కాగితం రాయించి, డిబార్ చేయిస్తారు. వాడు మంచివాడా, ఇంట్లో కష్టాలున్నాయా, ఊరంతా వాణ్ణి ఇష్టపడుతుందా అని అప్పుడు ఒక్కరైనా అడిగారా? వాడి తరఫున ఒక్క సంతకమైనా సేకరించారా? పదిహేనేళ్ల పిల్లవాడికి లేని మినహాయింపు జీతం తీసుకునే పెద్దమనిషికి ఎలా వచ్చింది? ఒక మాస్టారిని బయటపెడితే మొత్తం ఉపాధ్యాయ లోకానికే మచ్చ అని రాశారు. ఆ అయిదుగురు పిల్లలు లెక్క కొట్టేసినప్పుడు పడని మచ్చ, టీచరమ్మ కాగితం రాస్తే పడుతుందా? మీ ఉద్దేశం నిజంగా అదే అయితే, ఆ లేఖ మీద సంతకం పెట్టి ఈసారి ఇన్విజిలేషన్ డ్యూటీ పడినవాళ్లంతా పరీక్షలు మొదలయ్యేలోపే రాతపూర్వకంగా తప్పుకోండి.