సెంట్రింగుకు దక్కని పేరు

పాత రాతి వంతెనల ప్రస్తావన వస్తే చాలు, గారలో ఏం కలిపారు, రాయి ఎక్కడిది, అంత బరువు ఎలా మోస్తోంది అన్న ప్రశ్నలే వినిపిస్తాయి. ఆర్చి పూర్తయ్యాక బరువు మోయడంలో పెద్ద వింతేమీ లేదు. రాళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటూ నిలబడతాయి, అంతే. నడినెత్తిన ఆఖరి రాయి పడేదాకా వాటిని మోసిందెవరన్నదే అసలు ప్రశ్న. మోసింది కలప, అంటే ఆర్చి కింద ఆసరాగా నిలబెట్టే సెంట్రింగు చట్రం. ఆనాటి వంతెన ఇంజినీరింగులో సగానికి పైగా ఆ కలపలోనే ఉందని, పని అయ్యాక దాన్ని విప్పేస్తారు కాబట్టే చరిత్ర దాన్ని మరిచిపోయిందని నా వాదన.

పారిస్ పక్కన సేన్ నది మీద జాన్ రొడోల్ఫ్ పెరోనే కట్టిన న్యూయీ వంతెననే తీసుకుందాం. పని 1768లో మొదలైంది. ఐదు ఆర్చీలు, ఒక్కోటి 120 ఫ్రెంచి అడుగుల వెడల్పు. అంతకుముందు ఆర్చి వెడల్పులో ఐదో వంతు మందంతో స్తంభం కట్టడం మామూలు. ఆ లెక్కన 24 అడుగులు కావాలి. పెరోనే 13 అడుగులతో సరిపెట్టాడు. స్తంభాలు సన్నబడితే నదికి దారి ఎక్కువ దొరుకుతుంది, వరద ఒత్తిడి తగ్గుతుంది. అయితే ఆర్చి కిందికే కాదు, పక్కకీ తోస్తుంది. మందపాటి స్తంభం ఒక్క ఆర్చి తోపును ఒంటరిగా తట్టుకుంటుంది. సన్నటి స్తంభానికి అవతలి పక్క నుంచి కూడా అంతే తోపు ఉండాలి, లేకపోతే ఒరిగిపోతుంది. అందుకే ఒక ఆర్చి కట్టి, దాని సెంట్రింగు విప్పి, అదే కలపతో పక్క ఆర్చి కట్టే పొదుపు ఇక్కడ కుదరదు. ఐదు ఆర్చీలకూ ఐదు సెంట్రింగులు ఒకేసారి నిలబడాల్సిందే. స్తంభాల్లో మిగిలిన రాయి ఖర్చు కలపలో తేలిందన్నమాట.

ఆ సెంట్రింగు ఎలాంటిదన్నది ఇంకా ముఖ్యం. నదిలో గుంజలు పాతి కింది నుంచి నిలబెడితే చట్రం గట్టిగా ఉంటుంది, కానీ పడవలకు దారి ఉండదు, వరదలో కొట్టుకొచ్చే దుంగ ఒక్కటి తగిలినా మొత్తం పోవచ్చు. పెరోనే ఎంచుకున్నది రెండో దారి. స్తంభం నుంచి స్తంభానికి గాలిలో వేలాడే కలప చట్రం, కింద ఒక్క గుంజ కూడా ఉండదు. దీనికున్న జబ్బు ఏమిటంటే, అది వంగుతుంది.

ఆ వంగడం చిత్రంగా ఉంటుంది. ఆర్చి మొదట్లో, స్తంభం పక్కన వేసే కొన్ని వరసలు రాపిడితోనే నిలబడతాయి, చట్రం మీద బరువు వేయవు. ఇంకొంచెం పైకి వెళ్లి రాళ్లు బాగా వాలాక భుజాల దగ్గర చట్రం కుంగుతుంది. భుజాలు కుంగితే ఇంకా ఖాళీగా ఉన్న నడినెత్తి పైకి లేస్తుంది. దాన్ని అలాగే వదిలేస్తే అప్పటికే పేర్చిన వరసల మధ్య కీళ్లు విచ్చుకుంటాయి. మందు ఒక్కటే: రేపు పైన వాడాల్సిన రాళ్లను ఇవాళే తెచ్చి నడినెత్తిన గుట్టగా పోయాలి, వరసలు పైకి వచ్చేకొద్దీ ఆ గుట్టను సర్దుతూ పోవాలి. రెండు వైపులా సమానంగా కట్టకపోతే చట్రం ఒక పక్కకు ఒరుగుతుంది. కదలిక కంటికి తెలియదు కాబట్టి రాళ్ల ముఖాల మీద తిన్నని గీతలు గీసేవారు. గీత ఎక్కడ విరిగితే అక్కడ కదిలినట్టు.

విప్పడం కూడా ఒక్క దెబ్బతో అయ్యే పని కాదు. రాతికీ చట్రానికీ మధ్య పెట్టిన చెక్కలను కింది వరసల నుంచి మొదలుపెట్టి, రెండు పక్కలా సమానంగా, నెమ్మదిగా తీస్తూ రావాలి. బరువు కొంచెం కొంచెంగా రాతి మీదికి మారాలి, పచ్చి గార నొక్కుకోవాలి. న్యూయీలో కట్టేటప్పుడూ విప్పాకా కలిపి నడినెత్తి దాదాపు రెండడుగులు దిగింది. కొంత దిగుతుందని ముందే లెక్కగట్టి ఎత్తు పెంచి కట్టాడు. 1772 సెప్టెంబరు 22న 15వ లూయీ రాజు చూస్తుండగా చట్రాలను లాగి నదిలో పడేశారు. జనం చప్పట్లు కొట్టింది కలప కూలడం చూసి. ఆ కలప అప్పటిదాకా చేసిన పనిని పెరోనే మాత్రం మరవలేదు, ఆ చట్రాల బొమ్మలను వివరంగా అచ్చు వేయించాడు.

అసలు కష్టం పునాదిలో ఉంది, సెంట్రింగుకు ఇంత గొప్ప అంటగట్టడం ఎందుకు అనేవాళ్లున్నారు. పునాది కష్టమే, కాదనను. కానీ నది మధ్యలో పునాది వేయాలంటే గుంజలు దిగ్గొట్టి, మధ్యలో బంకమట్టి కూరి, లోపలి నీరు రాత్రింబవళ్లు తోడుతూ ఉండే కాఫర్‌డ్యాం కావాలి. అదీ పని అయ్యాక పీకేసేదే. వాళ్ల మాట నా వాదననే బలపరుస్తోంది.

సెంట్రింగుకు చోటే లేని నీరు ఎదురైతే? వేల్స్‌లోని మెనై జలసంధిలో అదే జరిగింది. అక్కడ ఇనుప ఆర్చి కట్టాలని థామస్ టెల్‌ఫోర్డ్ ముందు ప్రతిపాదించాడు. కింది నుంచి సెంట్రింగు పెడితే ఓడల దారి మూసుకుపోతుంది కాబట్టి దాన్ని పైనుంచి తాళ్లతో వేలాడదీద్దామన్నాడు. అది సాగలేదు. చివరికి 1819లో మొదలుపెట్టింది గొలుసుల వంతెన: స్తంభాల మధ్య 579 అడుగులు, నీటికి వంద అడుగుల ఎత్తు. గొలుసు వంతెన గెలిచింది అందంతో కాదు, సెంట్రింగు అక్కర్లేకపోవడంతో. గొలుసు తన బరువుతో తనే తన ఆకారం తెచ్చుకుంటుంది.

1825 ఏప్రిల్ 26న మొదటి గొలుసు ఎత్తారు. ఒడ్డు రాతిలో బిగించిన రెండు కొసలు అప్పటికే సిద్ధం. ఒకటి టవరు మీద నుంచి దాదాపు నీళ్లదాకా వేలాడుతోంది. నడుమ భాగాన్ని 450 అడుగుల తెప్ప మీద పరిచి, పోటు నిలకడగా ఉండే కాసేపట్లో కిందికి తెచ్చి, ఒక కొసను వేలాడే గొలుసుకు తగిలించారు. రెండో కొసను కప్పీల మీదుగా క్యాప్‌స్టాన్లకు, అంటే మనుషులు చుట్టూ తిరుగుతూ తాడు చుట్టే నిలువు ఇరుసులకు కట్టారు. ఆ ముక్క బరువు 23.5 టన్నులు. కానీ లాగాల్సింది అంతకంటే ఎక్కువ. గొలుసు ఎంత చదునుగా సాగితే లాగుడు అంత పెరుగుతుంది. నడుమ వంపు 43 అడుగులే కాబట్టి బరువును 579తో గుణించి, వంపుకు ఎనిమిది రెట్లతో భాగిస్తే దాదాపు 40 టన్నుల లాగుడు వస్తుంది. 150 మంది నేరుగా లాగితే మనిషికి పావు టన్ను పైమాటే. కప్పీలు, ఇరుసులు ఆ బరువును పంచుకున్నాయి కాబట్టే గంటన్నరకు కాస్త అటూ ఇటుగా గొలుసు పైకి చేరింది. అలాంటివి మొత్తం 16.

అయితే గొలుసు ఊరికే రాలేదు. కట్టేటప్పుడు తప్పించుకున్న వంగుడు వాడేటప్పుడు ఎదురైంది. తేలికపాటి చెక్క దారి గాలికి ఊగేది. 1839 తుపానులో అది బాగా దెబ్బతింటే, తర్వాత మరింత బరువుగా, గట్టిగా వేయాల్సి వచ్చింది.

ఇదంతా పాత కథ అనుకోకండి. తాత్కాలిక పనిని చిన్నచూపు చూసే అలవాటు ఆనాటితో పోలేదు. అంచనా పత్రాల్లో ఇప్పటికీ సెంట్రింగు ఒక గంపగుత్త వరసగా ఉంటుంది. డిజైన్ ఒకరిది, సెంట్రింగు లెక్క ఇంకెవరిదో, సంతకం ఎవరిదో తేలదు. స్వీడన్‌లోని సాండో దగ్గర 264 మీటర్ల కాంక్రీటు ఆర్చి కోసం నదిలో గుంజలు లేకుండా కలప ఆర్చినే సెంట్రింగుగా నిలబెట్టారు. 1939 ఆగస్టు 31న కాంక్రీటు పోస్తుండగా అది కూలి 18 మంది చనిపోయారు. మర్నాడే యుద్ధం మొదలవడంతో పత్రికల్లో ఆ వార్త కొట్టుకుపోయింది. రెండోసారి కట్టినప్పుడు సెంట్రింగును నదిలో దిగ్గొట్టిన గుంజల మీదే నిలబెట్టారు. వంతెన 1943లో తెరుచుకుంది.