చిటికెన వేలు లేని ప్రణాళిక

అబ్బాయా,

జూన్ 12న బడి తెరిచిన రోజు నీ ఆరో తరగతిలో జరిగిందంతా ఫోన్లో విన్నాను. నవ్వు ఆపుకున్నానని అబద్ధం చెప్పను. 45 నిమిషాల పీరియడ్‌కి నాలుగు పేజీల ప్రణాళిక రాసుకెళ్లావు. అందులో లేనిదల్లా పిల్లవాడి చిటికెన వేలు ఒక్కటే.

మొదటివాడు వేలు చూపించాడు, పొమ్మన్నావు. చెరువుకి గండి అక్కడే పడింది. పావుగంట తిరిగేసరికి 42 మందిలో గదిలో 17 మందే మిగిలారు. కొళాయి దగ్గరున్న వాళ్లని పిలుచుకురావడానికి నువ్వు బయల్దేరితే, ఆ పదిహేడు మందీ నీకు సాయంగా వచ్చారు. పాఠం, చాక్‌పీసు, ఫ్యాను మాత్రం గదిలోనే బుద్ధిగా కూర్చున్నాయి.

ఇది అల్లరి అనుకోకు. ఆరో తరగతికి నాలుగైదు ఊళ్ల ప్రాథమిక బళ్ల నుంచి వస్తారు. ఒక బళ్లో అడక్కుండానే పోవచ్చు, ఇంకో బళ్లో ఇంటర్వెల్ దాకా కదలకూడదు. ఇక్కడ ఏది చెల్లుతుందో నువ్వు చెప్పలేదు, వాళ్లే పరీక్ష పెట్టి కనుక్కున్నారు. ఫలితాలు కూడా వాళ్లకే వచ్చాయి.

సోమవారం పోగానే రెండు పాత పరీక్ష అట్టలు తీసుకుని, వాటికి తాళ్లు కట్టి, గుమ్మం పక్కన మేకుకి తగిలించు. ఒకటి మగపిల్లలకి, ఒకటి ఆడపిల్లలకి. బయటికి పోయేవాళ్లు అట్ట మెళ్లో వేసుకుని పోవాలి. అది మేకుకి తిరిగొస్తేనే ఇంకొకరు లేవాలి. అట్టే ఎందుకంటావేమో. చిన్న చీటీ ఇస్తే జేబులో పడి మాయమవుతుంది, డస్టర్ ఇస్తే తడిసి వస్తుంది. అట్ట మెళ్లో ఉంటే వరండాలో నడిచే పెద్ద సారుకి కూడా వాడు ఎక్కడివాడో తెలుస్తుంది.

నోటితో చెప్పి ఊరుకుంటే పని జరగదు. ఒకణ్ణి లేపి, అట్ట తీసుకుని గుమ్మం దాటి మళ్లీ వచ్చి తగిలించేదాకా అందరి ముందూ చేయించు. తర్వాత ఇంకో ఇద్దరి చేత. ఐదు నిమిషాలు పోతాయి, పోనీ. మంగళవారం మరోసారి చేయించు, ఎందుకంటే సోమవారం రానివాళ్లు ఆ రోజు వస్తారు. నిజంగా ఆగలేని బిడ్డని మాత్రం అట్ట కోసం నిలబెట్టొద్దు. ఆగలేనివాడు నిన్నే చూస్తాడు, కాళ్లు మెలిపెడతాడు. వేలెత్తే ముందు పక్క బెంచీ స్నేహితుడి వంక చూశాడంటే వాడిది షికారు. ఏది తేల్చుకోలేకపోయినా పంపించెయ్. ఇంకో మాట, బెల్లు కొట్టకముందే మరుగుదొడ్డి కొళాయిలో నీళ్లొస్తున్నాయేమో చూసుకో. నీళ్లు లేకపోతే పోయినవాడు ఆవరణంతా తిరిగి గానీ రాడు. అప్పుడు ఏ అట్టా పనిచెయ్యదు.

రెండో గండి నోటు పుస్తకాల దగ్గర పడుతుంది. పేరు పిలిచి ఒక్కొక్కరికీ ఇస్తే మనిషికి 15 సెకన్ల చొప్పున 42 మందికి పదిన్నర నిమిషాలు. ఆ లోపల వెనక బెంచీల్లో కబడ్డీ మొదలవుతుంది. ఏడుగురేసి ఆరు వరసలు చేసి, ముందు బెంచీవాడికి ఏడు పుస్తకాల కట్ట ఇవ్వు. పైది తీసుకుని మిగతావి వెనక్కి అందించాలి, చివరివాడు చెయ్యెత్తాలి. మొదటిసారి కట్ట మూడోవాడి దగ్గర ఆగిపోతుంది. బొమ్మ బాగున్న అట్ట కోసం వెతుకుతుంటాడు వాడు. "పైదే తీసుకోవాలి" అన్న ముక్క అందుకే. గడియారం చూస్తూ రోజూ ఇదే చేయించు, శుక్రవారానికి రెండు నిమిషాల్లోపు పడిపోతుంది.

ఈ వారం పాఠాన్ని పీరియడ్‌కి 25 నిమిషాల కంటే ఎక్కువ రాసుకోవద్దు. మిగతా ఇరవై అట్టలకీ కట్టలకీ హాజరుకీ సరిపోతాయి. హాజరంటే గుర్తొచ్చింది. పెంచలకోన స్వామి పేరు పెట్టుకోని ఇల్లుండదు మన పక్క. రిజిస్టర్లో నీకు ముగ్గురు పెంచలయ్యలున్నారన్నావు. "పెంచలయ్యా" అంటే ముగ్గురూ పలుకుతారు. ఒకడు రాకపోయినా మిగతా ఇద్దరూ వాడి లోటు తెలియనివ్వరు. నంబరుతో పిలువు, పలికినవాణ్ణి తలెత్తి చూడు. ఇంట్లో ఏమని పిలుస్తారో అడిగి పెన్సిల్‌తో పక్కన రాసుకో.

నీ నాలుగు పేజీలూ పారెయ్యొద్దు. వచ్చే వారం పనికొస్తాయి. వెనక వైపు ఖాళీగా ఉంటే ఎవరు ఎక్కడ కూర్చుంటారో పటం గీసుకో, ముగ్గురు పెంచలయ్యల్నీ మూడు మూలలకి వేసి.

ఇట్లు,
మీ పెద్ద మాస్టారు