ఒక్క వాక్యంతో 27 కాస్తా 73 ఎలా అయింది?

"వ్యాసంలో ఒక్క వాక్యం కలపగానే, ఏఐ రాతను పసిగట్టే డిటెక్టర్ స్కోరు 27 శాతం నుంచి 73కి ఎగబాకింది. అంటే ఆ వాక్యం ఏఐ రాసిందే. శీర్షిక మార్చగానే 38కి దిగింది. అంటే దొరక్కుండా దిద్దుకున్నారు. ఇంతకన్నా రుజువేం కావాలి?"

ఇదీ అభియోగం. ఆ వ్యాసం విజయనగరంలో నా దగ్గర డిగ్రీ చదువుతున్న అమ్మాయిది. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం మీద ఇంగ్లిషులో తొమ్మిది వాక్యాలు రాసింది. ముగింపు లేదని నేనే అంటే, పదో వాక్యం నా బల్ల పక్కన నిలబడి పెన్నుతో రాసింది. ఆ వాక్యం ఎవరిదో నాకు తెలుసు. అందుకే ఈ అభియోగానికి జవాబు చెప్పకుండా ఉండలేను.

ముందు అంకెల సంగతి. 73 శాతం అంటే వ్యాసంలో 73 వంతులు యంత్రం రాసిందని కాదు. ఇలాంటి డిటెక్టర్లు చాలావరకు లోపల ఒక అంకె లెక్కగడతాయి. అది సున్నాకి అటైనా ఇటైనా ఉండొచ్చు. దాన్ని ఈ సూత్రంతో శాతంగా మారుస్తాయి:

```
p = 1 / (1 + e^(-z))
```

ఇందులో z ఆ లోపలి అంకె; వచ్చిన p ని నూరుతో గుణిస్తే శాతం. లోపలి అంకె -1 అయితే తెర మీద 27 శాతం కనిపిస్తుంది, +1 అయితే 73. రెండే రెండు మెట్ల తేడా. అదే రెండు మెట్లు 4 నుంచి 6కి కదిలితే శాతం 98 నుంచి 99 దాటుతుందంతే, ఎవరి కంటా పడదు. ఉత్సవంలో ఊరేగే పొడవాటి సిరిమాను మొదట్లో జానెడు కదిలితే కొసన కూర్చున్న పూజారి బారెడు కదులుతాడు కదా, నడిమి స్కోర్ల దగ్గర జరిగేది అదే. 27, 73 రెండూ ఆ నడిమివే. ఆ రెండు అంకెలూ చెప్పేది డిటెక్టర్ తేల్చుకోలేకపోతోందనే.

మరి ఆ రెండు మెట్లయినా ఎందుకు కదిలాయి? అమ్మాయి రాసిన పదో వాక్యానికి తెలుగు ఇది: 'ఇలా ఈ ఉత్సవం మన ఘనమైన సంస్కృతిని కాపాడటంలో ముఖ్య పాత్ర పోషిస్తోంది.' 'ముఖ్య' అనగానే తర్వాత 'పాత్ర' వస్తుందని, ఆ వెంటే 'పోషిస్తోంది' వస్తుందని మీరే చెప్పేయగలరు. చాలా డిటెక్టర్లు ప్రధానంగా చూసేది దీన్నే: ముందు మాటల్ని బట్టి తర్వాతి మాటను ఎంత తేలిగ్గా ఊహించొచ్చని. ఎవరు రాశారో వాటికి కనపడదు. పైగా మొత్తం పది వాక్యాలే. పదింటి సగటును ఒక్కటి లాగేసినంత సులువుగా వందింటి సగటును లాగలేదు.

నేను ఇంకో పని చేశాను. "ఆ ముగింపు తీసేసి, నువ్వు చూసింది ఒకటి రాయమ్మా" అన్నాను. నాన్న భుజం మీంచి చూస్తే మాను కోట వైపు తిరిగేటప్పుడు జనం చేతుల్లోంచి అరటిపళ్లు లేచాయని రాసింది. స్కోరు 22. అదే అమ్మాయి, అదే పెన్ను, అదే మధ్యాహ్నం.

శీర్షిక విషయంలో తప్పు ఇంకా లోతైనది, ఎందుకంటే దాన్ని అందరూ విడి ముక్క అనుకుంటారు. మాటల్ని ఎడమ నుంచి కుడికి ఊహించుకుంటూ పోయే డిటెక్టర్‌కి శీర్షికే మొదటి మాట. పైన 'విజయనగరం సిరిమానోత్సవం' అని ఉంటే కింద గుడి, కోట, పూజారి, మాను ఏవి వచ్చినా ఎదురుచూసినవే. అదే 'నాన్న భుజం మీద నుంచి' అని పెడితే, కనీసం మొదటి వాక్యాల్లోనైనా ఆ మాటలన్నీ కొత్తగా తగులుతాయి. కింద ఒక్క అక్షరం మారకుండానే ప్రతి మాట లెక్కా మారుతుంది. ఆమె శీర్షిక మార్చింది మొదటిది చప్పగా ఉందని నేనన్నందుకు.

పొడవాటి రచనల్లో ఇంకో కారణమూ తోడవుతుంది. కొన్ని డిటెక్టర్లు రచనను ముక్కలుగా కోసి చదువుతాయి. పైన ఒక వాక్యం చేరిస్తే కోతలన్నీ వేరే చోట్ల పడతాయి, ముక్కల స్కోర్లూ మారతాయి. ముక్క పొడవును బైట్లలో కొలిస్తే, తెలుగులో రాసినప్పుడు ఒక్కో ముక్కలో పట్టే మాటలు మరీ తగ్గిపోవచ్చు: 'శ్రీకాకుళం' అన్న ఒక్క మాటే కంప్యూటర్‌లో 30 బైట్లు.

డిటెక్టర్లు పూర్తిగా గుడ్డివని నేననను. పెద్ద రచన మీద, చిన్న మార్పులకు చలించని స్కోరుకు కొంత విలువుంది. ఓపెన్‌ఏఐ 2023 జనవరిలో తెచ్చిన సొంత డిటెక్టర్‌కే, వెయ్యి అక్షరాలలోపు రచనల మీద అసలు నమ్మొద్దని హెచ్చరిక పెట్టింది. కచ్చితత్వం తక్కువని అదే ఏడాది జులైలో దాన్ని ఎత్తేసింది కూడా.

కాబట్టి స్కోరు చూపించి ఒకరిని నిలదీసే ముందు, అదే రచనలో శీర్షిక తీసి ఒకసారి, చివరి వాక్యం తీసి ఒకసారి, రెండు పేరాలు కలిపి ఒకసారి స్కోరు చూడండి. అంకె 50కి అటూ ఇటూ దూకుతుంటే పక్కన పెట్టి, చిత్తుప్రతి అడగండి. ఈ అమ్మాయిని ఎవరూ అడగలేదు. "నానే రాసేనండి మేస్టారూ" అంటూ నోటుబుక్కు నాకు తెచ్చి చూపించింది. పదో వాక్యంలో 'సంస్కృతి' స్పెల్లింగు రెండుసార్లు కొట్టేసి ఉంది.